డల్లాస్‌లో అర్ధరాత్రి, గుణుపూర్‌లో అర్జంటు

ప్రశ్న: సార్, మాది ఒడిశాలో గుణుపూర్. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే డేటా లోడింగ్ పని చేస్తున్నాను, చేరి ఐదు నెలలైంది. మా సీనియర్లు డల్లాస్‌లో ఉంటారు. గత బుధవారం డేటా ఎక్కించే ఒక జాబ్ ఫెయిలైతే అక్కడి సీనియర్‌ని అర్జంటుగా సాయం అడిగాను. ‘ఈ అబ్బాయి మరీ తొందర పెడుతున్నాడు’ అని ఆయన మా మేనేజర్‌తో అన్నారట. నేను ప్రతిసారీ ప్లీజ్ అనే రాశాను. సాయంత్రం 5 గంటలకి క్లయింట్‌కి ఫైల్ వెళ్లాలి, అడక్కపోతే ఎలా? మెసేజ్‌లు, లాగ్ జత చేశాను. ఎలా అడగాలో చెప్పండి.

జవాబు: బాబూ, మెసేజ్‌లు టైములతో సహా పంపి మంచిపని చేశారు. 11:40కి ‘హాయ్ సర్’. 11:52కి ‘ఆర్ యూ దేర్’. 12:05కి ‘వెరీ అర్జంట్ సర్’. మరుసటి నిమిషంలో ఎర్రర్ స్క్రీన్‌షాట్. 12:20కి ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’. మొదటిది పంపేసరికి డల్లాస్‌లో రాత్రి 1:10, చివరిది పంపేసరికి 1:50. నలభై నిమిషాల్లో ఆయన ఫోన్ ఐదుసార్లు మోగింది. అయిదూ చదివినా తాను ఏం చేయాలో ఆయనకి తెలియదు. మాటల్లో మర్యాదకి లోటేమీ లేదు. విషయం ఏమిటో వెతికి పట్టుకునే పని మాత్రం నిద్రలో ఉన్న మనిషి మీద పడింది.

మన ఊళ్లలో రాత్రి పన్నెండింటికి పక్కింటి తలుపు కొట్టేవాళ్లు ‘అన్నా, ఉన్నావా?’ అని అడిగి ఊరుకోరు. ‘అమ్మకి ఆయాసం ఎక్కువైంది, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నీ ఆటో కావాలి’ అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. విన్న మనిషి చొక్కా తొడుక్కుంటూ బయటికొస్తాడు. మీ మెసేజ్ కూడా అలాగే ఉండాలి.

అయితే మీ లాగ్ చూశాక నాకు బాధనిపించింది మెసేజ్‌ల గురించి కాదు. జాబ్ ఆగింది ఉదయం 6:50కి. అప్పుడు డల్లాస్‌లో రాత్రి 8:20, ఆయన మెలకువగానే ఉండి ఉంటారు. మీరు దాదాపు అయిదు గంటలు ఒక్కరే కుస్తీ పట్టారు. వెంటనే అడిగితే పని రాదనుకుంటారేమోనని భయపడి ఉంటారు. కొత్తగా చేరిన పిల్లలందరిలోనూ ఈ భయం చూస్తుంటాను. దాని ఖరీదు ఎదుటివాళ్ల నిద్ర. 7:30కి అడిగి ఉంటే అది మామూలు సందేహం. అదే మాట 11:40కి అడిగేసరికి దౌర్జన్యంలా వినిపించింది. ఇకముందు పొద్దున ఏదైనా ఆగితే సొంతంగా చూసుకోవడానికి ముప్పావుగంట పెట్టుకోండి. తేలకపోతే వాళ్లు పడుకునేలోపే అడిగేయండి.

టైము లెక్క సులువు. మన గడియారానికి గంటన్నర కలిపి, పగలుని రాత్రి చేయండి. మన ఉదయం 6:50 వాళ్లకి ముందురోజు రాత్రి 8:20. మన సాయంత్రం 5 వాళ్లకి అదేరోజు ఉదయం 6:30. ఇది మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు అరగంట కలిపితే చాలు. అందుకే మెసేజ్‌లో ‘ఈరోజు’, ‘రేపు’ అని రాయకండి. వారం పేరు, ఇద్దరి టైమూ రాయండి.

ఇక నిజంగా లేపాల్సిన పనేనా అన్నది. ఆయన తన టైము ఉదయం 8కి, అంటే మనకి సాయంత్రం 6:30కి కూర్చుంటారనుకుందాం. ఈలోగా ఎవరికి ఏం నష్టం? మీ ఫైల్ గడువు 5 గంటలు కాబట్టి మీది నిజమైన అర్జంటే. గడువు రాత్రి 9 అయి ఉంటే కాదు. అప్పుడు మెసేజ్ రాసిపెట్టి, ఆయన ఉదయానికి చేరేలా షెడ్యూల్ చేస్తే సరిపోయేది.

అర్జంటే అయినా ఆ సీనియర్ తలుపే కొట్టాలని లేదు. మీ టీంలో ఆన్‌కాల్ రోస్టర్ ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ రాత్రి లేవాల్సిన బాధ్యత రోస్టర్‌లో పేరున్నవారిది, అందుకు వాళ్లు సిద్ధపడే ఉంటారు. లేకపోతే ముందు హైదరాబాద్‌లోని మీ మేనేజర్‌కి ఫోన్ చేయండి, డల్లాస్‌లో ఎవరిని లేపాలో ఆయన నిర్ణయిస్తారు. ఆ సీనియర్ ఇదివరకు ఒకసారి రాత్రి జవాబిచ్చి ఉంటే అది ఆయన మంచితనం. దాన్ని మన హక్కుగా లెక్కేసుకోకూడదు.

మీ లాగ్‌ని బట్టి ఆ రోజు పంపాల్సిన మెసేజ్ ఇలా ఉండేది. ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస ఉంచండి:

‘సేల్స్ లోడ్ బుధవారం ఉదయం 6:50కి, మీకు మంగళవారం రాత్రి 8:20కి ఆగింది. కొత్త ఫైల్‌లో తేదీ గడిలో రోజు, నెల తారుమారయ్యాయి. సరిచేసిన ఫైల్ టెస్ట్‌లో నడిచింది. ప్రొడక్షన్‌లో మళ్లీ నడపడానికి నాకు అనుమతి లేదు. మీరు అప్రూవ్ చేస్తే చాలు, లింక్ కింద ఉంది. క్లయింట్‌కి బుధవారం సాయంత్రం 5కి, మీ టైము ఉదయం 6:30కి ఫైల్ వెళ్లాలి. లోడ్‌కి రెండు గంటలు పడుతుంది. మీకు ఇప్పుడు వీలుకాకపోతే ఫర్వాలేదు, మా టైము మధ్యాహ్నం 2కి, మీకు తెల్లవారుజామున 3:30కి మేనేజర్‌తో మాట్లాడి ఫైల్ ఆలస్యమవుతుందని క్లయింట్‌కి చెప్పిస్తాను.’

చివరి వాక్యం చూడండి. జవాబు రాకపోతే ఏం చేస్తారో మీరే చెప్పేశారు కాబట్టి, కాదనడానికి ఆయనకి దారి ఉంది. అలా దారి ఉంచి అడిగితే ఎవరికీ నెత్తిన కూర్చున్నట్టు అనిపించదు. కానీ ఆ చెప్పేది మీ చేతిలో ఉన్న పనే కావాలి. ‘మీరు రాకపోతే నేనే ప్రొడక్షన్ మార్చేస్తాను’ అని రాస్తే అది బెదిరింపు అవుతుంది. ఈ మెసేజ్ టీం ఛానల్‌లో పెట్టండి, మెలకువగా ఉన్న ఇంకెవరైనా అందుకుంటారు. తర్వాత మాటిమాటికీ గుర్తుచేయకండి, 2 గంటల దాకా ఆగండి. స్లాక్ చాట్ యాప్‌లో ఎదుటివాళ్లు నోటిఫికేషన్లు ఆపుకుని ఉన్నా మోగించే వీలుంది. అది ఆన్‌కాల్‌లో ఉన్నవారికి, గడువు దాటబోయే పనికి మాత్రమే వాడండి.

ఇంకొకటి. వానాకాలంలో మన వైపు గాలి తోలితే కరెంటు పోతుంది, దాంతో వైఫై కూడా. మీ మాట మీద ఒకాయన రాత్రి ఒంటిగంటకి లేచి ‘ఏ ఫైల్?’ అని అడిగి, మీ నుంచి ఉలుకూపలుకూ లేకపోతే ఆయన మళ్లీ ఎప్పుడూ లేవరు. అడగడానికి ముందే ఫోన్ ఛార్జింగ్, డేటా చూసుకోండి. మెసేజ్ కింద మీ నంబరు రాయండి.

ఆ సీనియర్‌కి ఇవాళే నాలుగు ముక్కలు రాయండి. రాత్రి 7 దాటాక పంపితే ఆయనకి ఉదయం 8:30 అవుతుంది. ‘బుధవారం మీ టైము రాత్రి ఒంటిగంటకి ఐదు మెసేజ్‌లు పంపాను, అడగాల్సిందేమిటో ఒక్కదాంట్లోనూ చెప్పలేదు. క్షమించండి. ఇకపై ఏదైనా ఆగితే గంటలోపే ఛానల్‌లో పెడతాను. రాత్రిపూట అర్జంటయితే ఎవరిని పిలవాలో చెప్పగలరా?’ సంజాయిషీలు ఏవీ చేర్చకండి. ఆయన చెప్పిన పేరు, నంబరు మీ టేబుల్ ముందు గోడకి అంటించుకోండి.