లవంగం పెడితే పంటి నొప్పి నిజంగా తగ్గుతుందా, ఆ మంటకి మర్చిపోతామా?

ప్రశ్న: "పిప్పి పన్నులో లవంగం పెట్టగానే ముందు చుర్రుమని మండుతుంది, కాసేపటికి మొద్దుబారుతుంది. ఇది నిజంగా నొప్పిని తగ్గించడమా, లేక ఆ మంటలో అసలు నొప్పిని మర్చిపోవడమా? నాకైతే గంటలోనే మళ్ళీ మొదలవుతుంది."

నిజంగానే తగ్గిస్తుంది. మంట, మొద్దుబారడం రెండూ ఒకే పదార్థం చేసే పనులే గానీ, రెండిటికీ దారులు వేరు. నేను ఫార్మసీ చదివాను, పాఠం చెప్పాను కూడా. అయినా ఈ విషయం నాకు బాగా అర్థమైంది మాత్రం నా ఎడమ దవడ పన్ను పుచ్చినప్పుడే.

ఒక శనివారం రాత్రి పదకొండింటికి సలుపు మొదలైంది. పడుకుంటే మరీ ఎక్కువ. పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జు చుట్టూ గట్టి గోడలే కదా, లోపల వాచినా సాగడానికి చోటుండదు. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరి ఆ ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. అమ్మ ఒక లవంగం తెచ్చి, "నమిలి ఆ పన్ను మీదే నొక్కిపెట్టు, మింగకు" అంది. నమలమనడంలో అర్థముంది. నూనె లవంగం పైపొర కింద చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది, అవి చితికితేనే బయటికొస్తుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. మొదట అరనిమిషం మంట, కళ్ళలో నీళ్ళు. ఐదు నిమిషాలకి సలుపు ఎక్కడో దూరంగా వినపడుతున్నట్టు అయింది.

ముందు ఆ మంట సంగతి చూద్దాం. నొప్పి నరాల చివర్లలో TRPV1 అనే గ్రాహకం, అంటే వేడిని పసిగట్టే తలుపులాంటి ప్రోటీన్ ఉంటుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది, అందుకే ఏ వేడీ లేకుండానే మనకి కారం "మండుతుంది". యూజినాల్ అణువులో ఒక కొస క్యాప్సైసిన్ అణువు కొసని పోలి ఉంటుంది. అందుకే అదే గ్రాహకాన్ని ఇది కూడా తెరుస్తుంది, కాకపోతే అంత బలంగా కాదు. తెరుచుకున్నప్పుడు క్యాల్షియం లోపలికొస్తుంది, నరం "కాలింది" అని కబురు పంపుతుంది. అలా తెరుచుకునే ఉంటే కాసేపటికి ఆ గ్రాహకం అలసిపోయి స్పందించడం మానేస్తుంది. గొడ్డుకారం అన్నం తినేవాళ్ళకి మొదటి ముద్దకున్న మంట పదో ముద్దకి ఉండదు చూడండి, అలాంటిదే. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి పంచుకునే అవకాశం దక్కింది.

అయితే మొద్దుబారడానికి అసలు కారణం నరం పైపొరలో సోడియంని లోపలికి వదిలే ద్వారాలు. నరం మామూలుగా ఉన్నప్పుడు బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. నరం చివర ఉత్తేజం కలగగానే అక్కడి ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. ఆ కుదుపుకి పక్క ద్వారాలు, వాటి కుదుపుకి ఆ పక్కవి తెరుచుకుంటాయి. ఇల్లు అంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బిందెలు అందించినట్టు, నొప్పి కబురు పంటి నుంచి మెదడు దాకా ఇలాగే పోతుంది. యూజినాల్ నూనె లాంటిది కాబట్టి నరం పైపొరలోకి సులువుగా ఇంకి, ఈ ద్వారాలు సరిగా తెరుచుకోకుండా చేస్తుంది. పళ్ళ డాక్టరు ఇచ్చే లిడోకేయిన్ ఇంజెక్షన్ చేసే పని కూడా ఇదే. వరసలో ఒకరిద్దరు చేతులు దించితే బిందె ఆగదు, అటుగా ఉన్నవాళ్ళు సర్దుకుంటారు. చాలామంది దించితేనే ఆగుతుంది. లవంగం పెట్టినప్పుడు నొప్పి పూర్తిగా పోకుండా "తగ్గినట్టు" అనిపించేది ఇందుకే: తగినన్ని ద్వారాలు మూసుకోలేదన్నమాట.

మీరడిగిన "మంటలో మర్చిపోవడమా" అన్నదానికి సూటి జవాబు ఇక్కడుంది. 2006లో దక్షిణ కొరియా పరిశోధకులు ఎలుకల పళ్ళకు వెళ్ళే నరకణాల మీద యూజినాల్ పెట్టి సోడియం ప్రవాహాన్ని కొలిచారు. ప్రవాహం తగ్గింది. కారానికి స్పందించే కణాల్లోనే కాదు, స్పందించని కణాల్లోనూ తగ్గింది. కారం గ్రాహకాన్ని మందుతో మూసేసి చూసినా తగ్గింది. అంటే మంట పుట్టకపోయినా మొద్దుబారుతుంది.

మరి గంటకే మళ్ళీ ఎందుకొస్తుంది? యూజినాల్ ద్వారానికి శాశ్వతంగా అతుక్కోదు. లాలాజలం, రక్తం దాన్ని కడిగేస్తుంటాయి, ద్వారాలు మళ్ళీ తెరుచుకుంటాయి. లోపలి వాపు, సూక్ష్మజీవులు ఎక్కడివక్కడే ఉంటాయి.

నేను తప్పు చేసింది ఇక్కడే. తెల్లవారుజామున మూడింటికి నొప్పి తిరగబెడితే, లవంగం చాలదని ఇంట్లో ఉన్న లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకుని నిద్రపోయాను. దూది జారి చిగురుకీ బుగ్గకీ మధ్య ఇరుక్కుంది. పొద్దున అద్దంలో చూస్తే అక్కడ పైపొర తెల్లగా పాలిపోయి ఊడుతోంది. నాలుగు రోజులు ఇడ్లీ కూడా ఆ వైపు నమలలేకపోయాను. యూజినాల్ మోతాదు పెరిగితే కణాల పైపొరనే దెబ్బతీస్తుంది. పైగా అది కాలుస్తోందని చెప్పాల్సిన నరాలనే మొద్దుబార్చింది కాబట్టి నాకు తెలియనే లేదు.

లవంగానికీ నూనెకీ ఎంత తేడానో లెక్కేయండి. పది పన్నెండు లవంగాలు కలిపితే ఒక గ్రాము. బరువులో 15 నుంచి 20 శాతం నూనె. అంటే ఒక లవంగంలో ఉండేది సుమారు 15 మిల్లీగ్రాములు, అదీ నెమ్మదిగా ఊరుతుంది. ఒక టీస్పూను నూనె అంటే మూడు వందల లవంగాల పైమాట. చిన్నపిల్లలు ఆ మాత్రం మింగినా కాలేయం దెబ్బతిని ఫిట్స్ రావచ్చు, సీసా వాళ్ళ చేతికందకూడదు. తప్పక వాడాల్సొస్తే వంటనూనెలో పలచన చేసి, దూదితో పన్ను రంధ్రంలోనే అద్దండి, ఉమ్మేయండి.

సోమవారం డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోగానే అదే వాసన! ఆ క్లినిక్ గదికంతటికీ ఉండే వాసన యూజినాల్‌దే. పుచ్చు తీసి, జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో ముద్దలా కలిపి తాత్కాలికంగా నింపారు. ఆ ముద్ద గట్టిపడ్డాక తడి తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా యూజినాల్ వదులుతుంది. అది పంటిలోని సన్నని గొట్టాల గుండా గుజ్జు దాకా ఇంకేసరికి చాలా పలచబడుతుంది: నరాన్ని శాంతపరిచేంత ఉంటుంది, చంపేంత ఉండదు. నేను ఒక్క రాత్రిలో పోసిందాన్ని ఆయన వారం పాటు బొట్టు బొట్టుగా అందించారు. తర్వాత రూట్ కెనాల్ చేశారు.

లవంగం ఎక్కడ పనిచేయదో కూడా చెప్తాను. పైకి రంధ్రం లేకుండా వేరు దగ్గర చీము పట్టి, దవడ వాచి జ్వరం వస్తే పైన పెట్టిన లవంగం ఆ నరాల దాకా చేరదు. వేడి టీ తాగినప్పుడు జివ్వుమన్న నొప్పి, తాగడం ఆపేశాక కూడా నిమిషాల తరబడి ఉంటే గుజ్జు బాగా దెబ్బతిన్నట్టు. ఇక రోజుల తరబడి సలిపిన పన్ను లవంగం లేకుండానే హఠాత్తుగా ఊరుకుందంటే, బాగుపడిందని అనుకోకండి. లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు, చీము కిందికి దిగుతూ ఉండొచ్చు. ఆ వారంలోనే చూపించుకోండి.