ప్లాస్టర్ చెవితో మొదలుపెట్టండి, బావగారిని మూడో వారం నిలబెట్టండి

"శ్రీకాకుళంలో ఉంటాను. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ప్లాస్టర్ బొమ్మలు చూసి గీయాలా, నేరుగా మనుషుల్నే గీయాలా?"

ముందు ప్లాస్టరే. కానీ అది పూర్తిగా వచ్చాకే మనుషులు అని మాత్రం అనుకోకండి. నేను అలాగే అనుకుని ఏడాది పోగొట్టుకున్నాను.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర అద్దె గదిలో నేను గీసిన మొదటి కాస్ట్, అంటే ప్లాస్టర్ పోత బొమ్మ, ఒక చెవి. అరచేయంత ఉండేది. ప్లాస్టర్ అంతా ఒకే తెలుపు. కాబట్టి దాని మీద ఎక్కడ నలుపు కనిపించినా అది నీడే. మనిషి దగ్గర అలా కుదరదు. చామనఛాయ, నల్లటి జుట్టు, గళ్ల లుంగీ, వీటి ముదురు రంగునే కొత్తవాళ్లు నీడ అనుకుని రుద్దేస్తారు. నీడ ఎక్కడ మొదలవుతుందో కంటికి పట్టుబడేది ప్లాస్టర్ దగ్గరే. అయితే వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. నేను కిటికీ తెరిచి ట్యూబ్‌లైటు కూడా వేసుకునేవాణ్ణి. చెవికి రెండు నీడలు పడి, వారం రోజుల పని బూడిద రంగు ముద్దయింది. ఇంకో తప్పు, నీడ లోపల కనిపించే మసక వెలుగుని మరీ తెల్లగా వదిలేయడం. కళ్లు సగం మూసి చూస్తే అది నీడలో కలిసిపోవాలి. మీ బొమ్మలో కలవకపోతే ఇంకొంచెం నలుపు వేయండి.

ఇక మనిషి. మిరపకాయ బజ్జీలు పెట్టిస్తానంటే మా బావ గోడ పక్కన నిలబడ్డాడు. చెవిని గీసిన అలవాటుతో తల నుంచి మొదలుపెట్టి మెల్లగా దిగుతున్నాను. పది నిమిషాలకి బరువు కుడికాలి మీంచి ఎడమకాలి మీదకి మార్చాడు. బరువు మోసే కాలి వైపు నడుం ఎముక పైకి లేస్తుంది, మామూలుగా ఆ వైపు భుజం కిందికి వాలుతుంది. నా బొమ్మలో భుజాలు పాత నిలుపువి, నడుం కొత్తది. చూస్తే తాగి తూలుతున్న మనిషిలా ఉంది (బావ ఇప్పటికీ ఒప్పుకోడు).

కాస్ట్ కదలదు కాబట్టి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా చెల్లిపోతుంది. మనిషిని గీసేటప్పుడు మాత్రం మొదటి రెండు నిమిషాల్లోనే భుజాల వాలు, నడుం వాలు, బరువు ఏ కాలి మీదుందో గీతల్లో పెట్టేయాలి. దారానికి ఒక నట్టు కట్టి చేయి చాపి పట్టుకోండి. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డ మనిషిలో గొంతు గుంట నుంచి దిగిన దారం దాదాపు ఆ కాలి చీలమండ దగ్గర పడుతుంది. బొమ్మలో అది రెండు పాదాల మధ్య పడితే బరువు రెండు కాళ్ల మీదా ఉన్నట్టు, పాదాలకి బయట పడితే మీ మనిషి పడిపోతున్నాడన్నమాట. కాస్ట్ దగ్గర ఎన్ని నెలలు కూర్చున్నా నాకు ఇది తెలియలేదు, చెవికి బరువుండదు కదా.

మీరైతే రెండు వారాలు కాస్ట్ గీయండి. మూడో వారం నుంచి పొద్దున్న కాస్ట్, సాయంత్రం ఇంట్లో ఎవరినైనా పది నిమిషాల చొప్పున నిలబెట్టండి. మొదలుపెట్టే ముందే పాదాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీయండి, టీ తాగొచ్చాక మళ్లీ అక్కడే నిలబడతారు.