వంశవృక్షంలో నాయినమ్మ పేరు వదలకు

అల్లుడా,

చనిపోయిన మీ నాయిన, మా బావ పేరు మీదున్న నాలుగెకరాల ఇరవై గుంటలు వారసుల పేర్ల మీదికి విరాసత్ చేయించుకోవడానికి నువ్వు పంపిన వంశవృక్షం అఫిడవిట్ చూసిన. మీ అమ్మ, అదే మా అక్క, నువ్వు, నీ తోడబుట్టిన పెద్దమ్మాయి, ముగ్గురి పేర్లే రాసినవు. దాని మీద నోటరీ సంతకం పెట్టించకు. ఇంకో ముగ్గురున్నరు.

ముందుగా మీ నాయినమ్మ. వీలునామా లేకుండా చనిపోయిన కొడుకు స్వార్జితంలో భార్యాపిల్లలతో సమానంగా తల్లికీ వాటా ఉంటది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆమెను మొదటి తరగతి వారసుల్లోనే పెట్టింది. దేవరకొండలో దస్తావేజులు రాసినన్నాళ్లూ జనం ఎక్కువగా మరిచిపోవడం చూసింది తల్లి పేరే. ముసలమ్మకు భూమెందుకు అనుకుంటరు. కానీ రేపు ఆమె పోతే ఆ వాటాలో మీ చిన్నాయనకూ మేనత్తలకూ హక్కొస్తది, అప్పుడు వాళ్లే తహసీల్దారుకు అభ్యంతరం పెడతరు.

తర్వాత, బావ కంటే ముందే చనిపోయిన మీ చెల్లె. ఆమె పేరు కొట్టేయొద్దు. ‘మరణించినది’ అని తేదీతో రాసి, దాని కింద ఇద్దరు పిల్లల పేర్లు, వయసులు రాయి. ఆమె భర్తకు ఇందులో వాటా లేదు. పిల్లల తండ్రిగా, సంరక్షకుడిగా మాత్రమే సంతకం పెట్టాలె.

లెక్క చూడు. మొత్తం నూట ఎనభై గుంటలు. నాయినమ్మ, అక్క, నువ్వు, పెద్దమ్మాయి, చెల్లె శాఖ కలిపి ఐదు వాటాలు, ఒక్కోటి ముప్పై ఆరు గుంటలు. చెల్లె పిల్లలకు చెరి పద్దెనిమిది. పెద్దమ్మాయి తన వాటా నీకిస్తనన్నా ఆమె పేరు ఇందులో ఉండాల్సిందే. వదులుకునేది వేరే రిజిస్టరు దస్తావేజుతో. మైనర్ల వాటా మాత్రం కోర్టు అనుమతి లేకుండా ఎవరూ రాసియ్యరాదు.

ఇదే కాగితం ఇంకా చాలాచోట్ల అడుగుతరు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టినప్పుడు, నామినీ లేని బ్యాంకు ఖాతా సొమ్ముకు, రోడ్డుకో కాలువకో భూమి పోతే ఆర్డీఓ ఆఫీసులో పరిహారానికి. ఒక ఆఫీసుకిచ్చిన దాంట్లో నలుగురు, ఇంకోదాంట్లో ఆరుగురు ఉంటే ఫైలు అక్కడే ఆగుతది. అందుకే ఒకే రాత, అన్నింటికీ నకలు.

పేర్లు ఆధార్‌లో ఎట్లుంటే అట్లనే రాయి. పాసుబుక్కులో ఇంటిపేరు వేరుగా పడితే ‘ఇద్దరూ ఒకరే’ అని ఒక వాక్యం కలుపు. చివర ‘పైవారు తప్ప వేరే వారసులు లేరు’ అని ఉంటది కదా, ఆ వాక్యం మీద నువ్వు ప్రమాణం చేస్తున్నవు. అబద్ధమైతే కేసు నీ మీదికే వస్తది. తహసీల్దారు ఆఫీసు నుంచి గిర్దావర్ ఊర్లోకొచ్చి పక్కింటోళ్లను అడుగుతడు, వాళ్లకు నాయినమ్మ బతికే ఉందని తెలుసు.

ఈ కాగితం వారసులెవరో చెప్తది గాని భూమిని పంచదు. కొత్తగా రాసి, నోటరీకి పోయే ముందు మీ చిన్నాయనకు ఒకసారి చదివి వినిపించు.

మీ మామ