మందం పెంచితే రాయి మెల్లగా పోతోంది, ఎందుకు?

"చిత్తూరు దగ్గర మా మామిడి తోటలో ఉండేలుతో డబ్బాలకు గురిపెడుతుంటాను. అర మిల్లీమీటరు రబ్బరు తీసి ఒక మిల్లీమీటరుది కట్టాను, పొడవు మార్చలేదు. లాగడం కష్టమైంది, రాయి మాత్రం ఇంకా మెల్లగా పోతోంది."

తమ్ముడూ, రబ్బరు రాయితోపాటు తన బరువును కూడా ముందుకు లాక్కెళ్లాలి. చిన్న గులకరాయికి మందపాటి రబ్బరు కడితే శక్తిలో చాలా భాగం రబ్బరుకే ఖర్చవుతుంది. పాతదే మళ్లీ కట్టి, పొడవు చూడు. చెంప వరకు లాగితే పంగ నుంచి 75 సెంటీమీటర్లు వస్తుందనుకుందాం. ముడి నుంచి ముడికి రబ్బరు 25 ఉంటే మూడింతలే సాగుతుంది. 16కు తగ్గిస్తే నాలుగున్నర రెట్లకు పైగా సాగి, చురుగ్గా వెనక్కి వస్తుంది. ఇది మంచి లేటెక్స్ సంగతి. సైకిల్ ట్యూబు అంత సాగదు. ఇంకా కురచ చేస్తే త్వరగా తెగుతుంది.

రాయి పెట్టే తోలు పాత చెప్పుదా? అదీ బరువే. పలుచని మెత్తని తోలు వాడు, కానీ రాయిని పూర్తిగా చుట్టాలి. లేకపోతే జారి నీ వేళ్లకే తగులుతుంది.

తెగడం ఎక్కువగా తోలు దగ్గరి ముడి వద్దే. రోజూ అక్కడ సాగదీసి చూడు. అంచున సన్నని గాటు కనిపిస్తే మార్చేయి. పంగ దగ్గర తెగితే మాత్రం రబ్బరు నేరుగా ముఖం మీదికి రావచ్చు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. డబ్బా వెనుక పాత గోనెపట్టా వేలాడదీయి, బండకు తగిలితే రాయి తిరిగొస్తుంది.