ఫొటోలోని పట్టికలో రంగులే స్థితిని చెబుతున్నాయి, టైప్ చేస్తే అదంతా పోతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: ఒక పట్టికను ఫొటో తీసి పంపారు. గళ్ళలో తేదీలు మాత్రమే ఉన్నాయి. పని అయిందా లేదా అన్నది ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లోనే తెలుస్తోంది. దీన్ని మామూలు టెక్స్ట్‌గా పంపాలి. స్టేటస్ కాలమ్ ఒకటి పెడితే సరిపోతుందా?

జవాబు: ఒక్క కాలమ్ చాలదు, రెండు పెట్టండి. నేను ఒకటే పెట్టి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా.

నాకు వచ్చింది యంత్రాల తనిఖీ పట్టిక ఫొటో. 18 యంత్రాలు, 4 వారాలు, మొత్తం 72 గళ్ళు. ఏ రంగు దేనికో చెప్పే సూచిక ఫొటోలో పడలేదు. పసుపంటే పెండింగే కదా అనుకుని, పసుపు గళ్ళన్నిటికీ నేరుగా 'పెండింగ్' అని కొట్టి పంపేశాను. తీరా చూస్తే వాళ్ళ లెక్కలో పసుపంటే 'తనిఖీ అయింది, విడిభాగం రావాలి'. సరిచేద్దామంటే నా ఫైల్లో రంగు ఆనవాలే లేదు. పైగా గడిలో 'పెండింగ్' అని చేత్తో రాసినవి కూడా అదే కాలమ్‌లో కలిసిపోయాయి. మళ్ళీ ఫొటో ముందేసుకుని మొదటినుంచీ చేశాను.

రెండోసారి కంటికి కనిపించిన రంగును ఒక కాలమ్‌లో, దాని అర్థాన్ని పక్క కాలమ్‌లో రాశాను. ఒక్కో యంత్రానికి నాలుగు వారాలు, వారానికో రంగు గడి ఉన్నాయి కాబట్టి యంత్రానికి ఒక వరుస అంటే కుదరదు. ఒక్కో గడికి ఒక్కో వరుస రాయాలి. పట్టిక పొడుగవుతుంది, కానీ అర్థం పోదు.

```
యంత్రం,వారం,గడిలో రాసింది,కనిపించిన రంగు,స్థితి
ఎం-07,2,11,పసుపు,విడిభాగం రావాలి
ఎం-07,3,18,ఎరుపు,లోపం ఉంది
ఎం-07,4,,రంగు లేదు,వర్తించదు
```

ఇలా ఉంటే రేపు పసుపు అర్థం మారినా స్థితి కాలమ్‌ ఒక్కటే మార్చుకుంటే చాలు. రంగుకు అర్థం మాత్రం పట్టిక తయారుచేసినవాళ్ళనే అడగండి, ఊహించకండి.

ఆ చివరి వరుస చూడండి. రంగు లేని గడిని ఖాళీగా వదిలేస్తే, చదివేవాళ్ళకి 'చేయలేదు' అనో 'మీరు టైప్ చేయడం మర్చిపోయారు' అనో అనిపిస్తుంది. నా పట్టికలో అలాంటివి 5 ఉన్నాయి. అడిగితే తెలిసింది: మూడు చోట్ల యంత్రం రిపేరుకు వెళ్ళింది కాబట్టి తనిఖీ వర్తించదు, మిగతా రెండు చోట్ల రంగు వేయడం మర్చిపోయారట! 'వర్తించదు', 'తెలియదు' అని రెండు వేర్వేరు మాటలు పెట్టాల్సి వచ్చింది.

ఇక అసలు తలనొప్పి నీడతో వచ్చింది. ఫొటో తీసినవాళ్ళ చేతినీడ కుడివైపు పడింది. అక్కడి పసుపు గళ్ళు నారింజలా కనిపించాయి. నాలుగో రంగు నిజంగా ఉందా, లేక నీడ మాయా? ఇమేజ్ ఎడిటర్‌లో రంగు చూపే సాధనంతో ఒక గడి మీద, అక్షరాలు లేని మూల దగ్గర నొక్కాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు R 186, G 158, B 60 అని వచ్చింది. రంగుల చక్రంలో దీని చోటు చెప్పే వర్ణకోణం సుమారు 47 డిగ్రీలు. ఎక్సెల్‌లో ఉండే ప్రామాణిక నారింజ 45, పసుపు 60. అంటే నారింజే అనిపిస్తుంది. కానీ అదే నీడలో పక్కనే ఉన్న తెల్ల కాగితం మీద నొక్కితే 190, 165, 140 వచ్చింది. తెలుపే తెల్లగా లేదన్నమాట. గడి విలువలను ఈ తెలుపు విలువలతో భాగించి 255తో గుణిస్తే 250, 244, 109 వచ్చాయి. కోణం 57, అంటే పసుపే. ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా పక్కపక్క రంగులను విడదీయడానికి నాకు సరిపోయింది. అన్ని గళ్ళకూ చేయక్కర్లేదు, అనుమానం ఉన్నవాటికే చేయండి. ఫ్లాష్ మెరుపు పడి పూర్తిగా తెల్లబడిన గడిలో మాత్రం రంగు ఇక మిగలదు, దానికి ఈ లెక్క పనికిరాదు. ఇంకో ఫొటో అడగాల్సిందే.

పంపేముందు ఒకసారి లెక్క సరిచూసుకోండి. ఫొటోలో ఒక్కో రంగు గళ్ళను వేలు పెట్టి లెక్కించి కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి చూడండి:

```
=COUNTIF(D2:D73,"పసుపు")
```

నాకు ఫొటోలో ఆకుపచ్చ 41, పసుపు 17, ఎరుపు 9, రంగు లేనివి 5 వచ్చాయి. ఫైల్లో చూస్తే పసుపు 16, రంగు లేనివి 6. ట్యూబ్‌లైటు వెలుగు పడి పాలిపోయిన ఒక పసుపు గడిని తెలుపనుకున్నాను. మొత్తం 72 రావడం మాత్రమే చూసుకుని ఉంటే ఇది దొరికేది కాదు.

అన్నట్టు, ఫొటో కాకుండా అసలు ఎక్సెల్ ఫైలు దొరుకుతుందేమో ముందే ఒక మాట అడగండి. అందులో రంగును బట్టి ఫిల్టర్ చేసి స్థితిని ఒక్కసారే నింపేయొచ్చు. నేను ఈ కష్టమంతా పడ్డాక అడిగితే, 'ఉంది, పంపమంటారా' అన్నారు.