24 గంటలు లేరని ఆఫీసు మెడికల్ క్లెయిమ్ కొట్టేస్తే

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. మార్చిలో మా అమ్మకు విజయవాడలో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించాం. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. రూ. 46,800కి బిల్లులు పెడితే ‘ఆస్పత్రిలో 24 గంటలు లేరు, పాలసీ ప్రకారం రాదు’ అని హెచ్‌ఆర్ నుంచి ఒక్క లైన్ మెయిల్ వచ్చింది. వారం అయింది. ఇది ఇన్సూరెన్స్ కాదు, కంపెనీ సొంతంగా ఇచ్చే మెడికల్ స్కీమ్. పాలసీ కాపీ, బిల్లులు పంపుతున్నాను. మళ్లీ అడిగితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ ముందు టైమ్ చూసుకోండి. మీ పాలసీలో 9.1 క్లాజు ప్రకారం తిరస్కరణ మెయిల్ వచ్చిన 15 పని దినాల్లోపు బెనిఫిట్స్ కమిటీకి అప్పీలు పెట్టాలి. వారం ఇప్పటికే పోయింది కాబట్టి హెచ్‌ఆర్‌లో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ మిగతాది కూడా పోగొట్టుకోకండి. నోటిమాటగా ‘చూస్తాంలెండి’ అన్నది అప్పీలు కిందకు రాదు. మెయిల్ వెళ్లాలి, కమిటీ అడ్రస్‌కే వెళ్లాలి.

ఇక అసలు విషయం. హెచ్‌ఆర్ వాళ్లు చూసింది 3.4 క్లాజు ఒక్కటే. ఆస్పత్రిలో చేరడం అంటే కనీసం 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండటం అని అందులో ఉంది, అది నిజమే. కానీ అదే వాక్యం ‘3.7లో చెప్పిన డే కేర్ చికిత్సలకు తప్ప’ అని ముగుస్తుంది. 3.7 తర్వాతి పేజీలో ఉంది. అక్కడ డే కేర్ అంటే ఏమిటో రాశారు: జనరల్ లేదా లోకల్ అనస్థీషియా ఇచ్చి, ఆస్పత్రిలో గానీ డే కేర్ సెంటర్లో గానీ 24 గంటల లోపే పూర్తయ్యే చికిత్స, వైద్య టెక్నాలజీ పెరగకపోయి ఉంటే 24 గంటలకు పైగా చేరాల్సి వచ్చేది. ఇది మీ కంపెనీ సొంతంగా అల్లిన మాట కాదు, ఆరోగ్య బీమా పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక నిర్వచనాన్నే దాదాపు అలాగే తెచ్చి పెట్టుకున్నారు. శుక్లాల ఆపరేషన్ దానికి సరిగ్గా సరిపోతుంది. పైగా 5.3లో ‘శుక్లాలు: ఒక కంటికి లెన్స్, సర్జన్ ఫీజుతో కలిపి రూ. 35,000 వరకు’ అని పరిమితి కూడా పెట్టారు. ఈ రోజుల్లో ఈ ఆపరేషన్‌కి ఒక రాత్రి ఉంచుకునే ఆస్పత్రులే అరుదు. అలాంటప్పుడు డే కేర్‌కి డబ్బు ఇవ్వకపోతే ఆ 35,000 లైను దాదాపు ఎవరికీ పనికిరాదు. మీ దగ్గరున్న గట్టి పాయింట్ ఇదే, దీన్ని అప్పీల్లో తప్పకుండా రాయండి.

అయితే మీ కాగితాల్లో ఒక చిక్కు ఉంది, బహుశా క్లెయిమ్ దెబ్బతిన్నది కూడా అక్కడే. ఆస్పత్రి ఇచ్చిన బిల్లు మీద పైన ‘ఓపీ బిల్లు’ అని ప్రింటయి ఉంది. చాలా కంటి ఆస్పత్రుల్లో రాత్రి ఉండని వాళ్లకి సిస్టమ్‌లో ఓపీ నంబరే పడుతుంది, బిల్లు కూడా అలాగే వస్తుంది. బిల్లులు చెక్ చేసే మనిషి ‘ఓపీ’ అన్న రెండక్షరాలు చూసి పక్కన పడేస్తారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఫేకో పద్ధతిలో ఆపరేషన్, లెన్స్ అమర్చారు అని ఉంది గానీ, అనస్థీషియా గడి ఖాళీగా వదిలేశారు, లోపలికి తీసుకున్న టైమ్, పంపిన టైమ్ కూడా లేవు. 3.7లో అనస్థీషియా మాట ఉంది కాబట్టి ఆ ఖాళీ గడి మీకు పెద్ద లోటు.

కాబట్టి అప్పీలు పంపే ముందే ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసిన డాక్టర్ లెటర్‌హెడ్ మీద చిన్న సర్టిఫికెట్ అడగండి. ఫలానా తేదీన, ఇన్ని గంటలకు చేర్చుకుని, ఆపరేషన్ థియేటర్లో లోకల్ అనస్థీషియా ఇచ్చి, డే కేర్ పద్ధతిలో శుక్లాల ఆపరేషన్ చేశాం, ఇన్ని గంటలకు పంపాం అని ఉంటే చాలు. మీ అమ్మగారికి ఇంజెక్షన్ కాకుండా చుక్కలే వేసి ఉంటే కొందరు ‘టాపికల్’ అని మాత్రమే రాస్తారు. అదీ లోకల్ అనస్థీషియాలో ఒక రకమే. కానీ చదివే మనిషికి అది తెలియాలని లేదు కదా, అందుకే ‘టాపికల్ (లోకల్) అనస్థీషియా’ అని రెండూ రాయమనండి. లెన్స్ స్టిక్కర్ కాపీ కూడా తీసుకోండి.

తర్వాత ఎంత అడగాలన్నది. మొత్తం 46,800 అడగొద్దు. మీ బిల్లులు విడదీస్తే ఆపరేషన్ ప్యాకేజీ 40,000, ముందు చేసిన టెస్టులు 3,100, తర్వాత వాడిన చుక్కల మందులు 1,400, కళ్లజోడు 2,300. ప్యాకేజీకి 5.3 ప్రకారం 35,000 దాటి రాదు. టెస్టులు, మందులు 4.2 కింద వస్తాయి, ఆపరేషన్‌కి 30 రోజుల ముందు, 60 రోజుల తర్వాత అయిన ఖర్చులు ఇస్తామని అందులో ఉంది, మీ తేదీలు అందులో పడుతున్నాయి. 35,000 పరిమితిలో లెన్స్, సర్జన్ ఫీజు అని మాత్రమే ఉంది కాబట్టి వీటిని విడిగా అడగొచ్చు. కళ్లజోడు రాదని మినహాయింపుల జాబితాలో స్పష్టంగా ఉంది, వదిలేయండి. అంటే మీరు అడగాల్సింది 39,500. రానివాటిని మీరే తీసేసి లెక్క పెడితే కమిటీకి కోత వేయడానికి ఏమీ మిగలదు, మీరు పాలసీ చదివే వచ్చారని కూడా అర్థమవుతుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి క్లాజుల మాటలు పాలసీలో ఎలా ఉంటే అలాగే, వాక్యం మొత్తం ఎత్తి రాయండి. మనకు అనుకూలమైన సగం మాత్రం రాస్తే అవతలి వాళ్లు మిగతా సగం చూపించి మూసేస్తారు. విషయం ఇలా ఉంటే చాలు:

‘నా క్లెయిమ్‌ను 24 గంటల నిబంధన కింద తిరస్కరించారు. 3.4 క్లాజు డే కేర్ చికిత్సలను ఆ నిబంధన నుంచి మినహాయించింది. మా అమ్మగారి ఆపరేషన్ 3.7లోని నిర్వచనానికి సరిపోతుందని డాక్టర్ సర్టిఫికెట్ జత చేస్తున్నాను. బిల్లు మీద ఓపీ అని ఉన్నది ఆస్పత్రి బిల్లింగ్ పద్ధతి వల్ల, ఇది ఆపరేషన్ థియేటర్లో జరిగిన సర్జరీ. 5.3, 4.2 ప్రకారం రూ. 39,500 మంజూరు చేయమని కోరుతున్నాను. కుదరదనుకుంటే ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

చివరి వాక్యం తీసేయొద్దు. క్లాజు నంబరు రాయాల్సి వస్తే ఎవరో ఒకరు పాలసీ తెరిచి చదవక తప్పదు, ఇప్పటిదాకా జరగనిది అదే. కోపం, ఎన్నేళ్ల సర్వీసు, పక్క సీటతనికి ఇచ్చారు లాంటివి ఇందులో వద్దు.

కమిటీ కూడా కాదంటే? ఇది కంపెనీ సొంత డబ్బుతో నడిచే స్కీమ్ కాబట్టి బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లడం కుదరదు. అదే గ్రూప్ ఇన్సూరెన్స్ అయి, బీమా కంపెనీ కాదని ఉంటే, ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్‌కి వెళ్లే దారి ఉండేది. మీకు మిగిలేది 9.2 క్లాజు, అంటే హెచ్‌ఆర్ హెడ్‌కి రెండో అప్పీలు. అక్కడ కూడా ఇవే కాగితాలు, ఇవే క్లాజులు.

అమ్మగారి ఎడమ కంటికి కూడా త్వరలో చేయించాలని డాక్టర్ రాసినట్టు సమ్మరీలో చూశాను. ఈ అప్పీలు తేలాక, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు డే కేర్ అని చెప్పి హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో ముందస్తు అనుమతి తీసుకోండి. ఆస్పత్రి కౌంటర్లో చేర్చేటప్పుడే బిల్లు మీద ‘డే కేర్’ అని రావాలని చెప్పండి, బిల్లు ప్రింటయ్యాక మార్పించడం చాలా కష్టం.