సారాంశంలో మాట మారిపోతే: ముందు ఏరండి, తర్వాత రాయండి

“మా అపార్ట్‌మెంట్ మీటింగ్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో సెక్రటరీ మాట ‘ఫండ్ వస్తే జూన్‌లో లిఫ్ట్ మార్చొచ్చు, వెండర్ ఒప్పుకున్నాడట’ అని ఉంది. టూల్ సారాంశంలో ‘జూన్‌లో లిఫ్ట్ మారుస్తామని హామీ’ అని వచ్చింది. ఎందుకిలా?”

టూల్ అసలు వాక్యాలను ఉన్నవున్నట్టు ఏరలేదు, సొంత మాటల్లో తిరగరాసింది. అందులో మూడు చిన్న ముక్కలు రాలిపోయాయి: ‘వస్తే’లోని షరతు, ‘మార్చొచ్చు’లోని అవకాశం, ‘ఒప్పుకున్నాడట’లోని ‘ట’. ఆ ‘ట’ పోతే విన్నమాట కాస్తా ఖాయమైన మాట అయిపోతుంది. తెలుగులో ఇలాంటి అర్థం ఎక్కువగా క్రియ చివరే ఉంటుంది. ‘ఇస్తాం’, ‘ఇవ్వం’ మధ్య తేడా కూడా అక్కడే.

ఇలా చేయండి:

1. హామీలు, డబ్బు, తేదీలు, అభ్యంతరాలు, ఓటింగ్ ఉన్న వాక్యాలను ఉన్నవున్నట్టు ఏరండి. పక్కన మాట్లాడినవారి పేరు, నిమిషం రాయండి.

2. ఏరిన ప్రతి వాక్యానికీ ఆ చోట ఆడియో వినండి. చాలామంది వదిలేసేది ఇదే. ట్రాన్స్‌క్రిప్టే ‘ఇవ్వం’ని ‘ఇస్తాం’ అని రాసుకుంటే, మీరు కోట్ చేసేది కూడా తప్పే.

3. వాక్యానికి ముందున్న ప్రశ్న కూడా చూడండి. ‘అది కుదరదు’ అని ఒక్కటే ఎత్తిరాస్తే ఏది కుదరదో తెలియదు. ‘అది [పార్కింగ్ మార్పు] కుదరదు’ అని చేర్చండి.

4. మిగతా చర్చను మీ మాటల్లో కుదించండి. నలుగురు ఒకే ఫిర్యాదు చెబితే నాలుగు కోట్‌లు అక్కర్లేదు.

మీ మినిట్స్‌లో ఆ ‘హామీ’ లైన్ తీసేసి, సెక్రటరీ వాక్యాన్ని కోట్‌లో పూర్తిగా పెట్టండి.